స్టైపెండ్ తక్కువైతే ఎలా అడగాలి?

ఇంటర్న్‌షిప్ ఆఫర్ లెటర్‌లో కనిపించే స్టైపెండ్ అంకె సాధారణంగా ఆ విద్యార్థిని చూసి వేసింది కాదు. ఈ ఏడాది ఎంతమంది ఇంటర్న్‌లను తీసుకోవాలి, ఒక్కొక్కరికి ఎంత ఇవ్వాలి అన్నది చాలా కంపెనీల్లో ముందే తేలిపోతుంది. ఇరవై మందితో ఒక బ్యాచ్ ఉంటే ఇరవై మందికీ అదే అంకె. అందులో ఒకరికి రెండు వేలు పెంచితే, ఆ మాట మిగతా పంతొమ్మిది మందికీ చేరడానికి ఒక్క పూట చాలు. అందుకే స్టైపెండ్ పెంచమని అడగగానే హెచ్‌ఆర్ నుంచి "అందరికీ ఒకటేనండీ" అన్న జవాబు వస్తుంది. అది తప్పించుకునే మాట కాదు, చాలాసార్లు నిజం.

కానీ అదే కంపెనీలో రానుపోను ఖర్చు, ఊరు మారి వచ్చేవాళ్లకు ఇచ్చే సాయం, ఆఫీసు క్యాబు, క్యాంటీన్ కూపన్లు, ఇంటి నుంచి పని చేసే రోజులు వేరే లెక్కలో ఉంటాయి. వీటిలో కొన్ని టీమ్ మేనేజర్ చేతిలో ఉంటాయి, కొన్ని అడ్మిన్ విభాగం చూస్తుంది. ఒకరికి ఇచ్చినంత మాత్రాన అందరికీ ఇవ్వాల్సిన అవసరం కూడా ఉండదు. ఎందుకంటే కాకినాడ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయికి ఉన్న ఖర్చు కొండాపూర్‌లో సొంతింట్లో ఉండే అబ్బాయికి ఉండదు. ఆఫర్ తక్కువగా ఉందనిపించినప్పుడు దారి ఎక్కువగా దొరికేది ఇక్కడే. స్టైపెండ్ అంకెతో తలపడేకన్నా, ఆ అంకెలో ఇమడని ఒక ఖర్చును చూపించి, దానికి తగినంత మాత్రమే అడగడం మేలు.

బేరానికి వీల్లేనివి కొన్ని ఉన్నాయి, వాటిని ముందే గుర్తుపట్టాలి. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలైనప్పుడు నెలకు రూ.5,000 అని ప్రభుత్వమే నిర్ణయించింది. అందులో రూ.4,500 ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసేలా, రూ.500 కంపెనీ ఇచ్చేలా అప్పుడు పెట్టారు. చేరేటప్పుడు ఒకసారి ఇచ్చే రూ.6,000 దీనికి అదనం. ఇలాంటి చోట అంకె మార్చమని హెచ్‌ఆర్‌ను అడగడం వృథా, వాళ్ల చేతిలో లేదు. అప్రెంటిస్‌షిప్ సంగతి వేరు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రాసుకుంటే, ఇవ్వాల్సిన కనీస స్టైపెండ్‌ను నిబంధనలే చెబుతాయి. 2019 సవరణ పట్టభద్రులకు దాన్ని నెలకు రూ.9,000గా పెట్టింది. అది కనీసం మాత్రమే, అంతకు మించి ఇవ్వకూడదని ఎక్కడా లేదు. అంతకన్నా తగ్గితే మాత్రం అది మర్యాదగా అడిగి పెంచుకునే విషయం కాదు, చట్టం ప్రకారం రావాల్సినది. మామూలు ఇంటర్న్‌షిప్‌లకు ఇలాంటి కనీస మొత్తం లేదు. కాబట్టి ఆఫర్ లెటర్‌లో 'ఇంటర్న్' అని ఉందా 'అప్రెంటిస్' అని ఉందా అన్నది చూసుకున్నాకే తర్వాతి అడుగు. శిక్షణ రుసుమనో డిపాజిట్ అనో విద్యార్థినే డబ్బు కట్టమనే చోట అసలు మాటలే పెట్టుకోకూడదు.

లెక్క ముందు, మాట తర్వాత

అడగడానికి ముందు కాగితం మీద లెక్క వేయాలి. 'హైదరాబాద్‌లో బతకడం కష్టం' అన్న మాటకు ఎవరూ డబ్బు మంజూరు చేయలేరు. 'నెలకు రూ.2,480 రానుపోను ఖర్చు' అన్న మాటకు చేయగలరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాకినాడలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థినికి హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఆఫర్ వచ్చింది. స్టైపెండ్ నెలకు రూ.12,000. వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రావాలి. సంక్రాంతి తర్వాత చేరాలి. కూకట్‌పల్లిలో ముగ్గురుండే గదిలో, పొద్దున టిఫిన్, రాత్రి భోజనంతో కలిపి హాస్టల్ రూ.7,000. ఆఫీసు రోజుల్లో మధ్యాహ్న భోజనం పూటకు రూ.70 చొప్పున ఇరవై రెండు రోజులకు రూ.1,540. మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సు నెల పాసు రూ.1,600. బస్సు దిగాక ఆఫీసు దాకా షేర్ ఆటోకు రానుపోను రోజుకు రూ.40, అంటే నెలకు రూ.880. ఫోను రీఛార్జికి రూ.350, సబ్బులు, మందులు, బట్టల ఉతుకు వంటి వాటికి రూ.1,000. మొత్తం కలిపితే రూ.12,370. వచ్చేదానికి, పోయేదానికి మధ్య తేడా రూ.370 మాత్రమే. ఇంత చిన్న తేడాకు కంపెనీని అడగాలా అనిపిస్తుంది.

అసలు భారం ఈ లెక్కలో లేదు, చేరే నెలలో ఉంది. కాకినాడ పోర్టు నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్, లింగంపల్లిలో దిగాక సామానుతో ఆటో కలిపి రూ.750. హాస్టల్ అడ్వాన్సు రూ.4,000. పరుపు, బకెట్టు, దుప్పటి లాంటివి రూ.1,250. ఇవి రూ.6,000. ఇక స్టైపెండ్ నెల పూర్తయ్యాక, చాలాచోట్ల తర్వాతి నెల మొదటి వారంలో పడుతుంది. అంటే కంపెనీ నుంచి మొదటి రూపాయి వచ్చేలోపు ఆ అమ్మాయి చేతి నుంచి రూ.18,370 పోవాలి. ఆరు నెలలకూ కలిపి చూస్తే వచ్చేది రూ.72,000, అయ్యేది రూ.80,220. రూ.8,220 ఇంటి నుంచి రావాలి. మధ్యలో ఊరికి వచ్చిపోయే ఖర్చు ఇందులో వేయలేదు.

ఇక్కడ కొందరికి ఒక అనుమానం వస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది కదా, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో కూడా టికెట్ ఉండదు కదా అని. అది తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్నవారికి. కాకినాడ ఆధార్‌తో హైదరాబాద్ బస్సెక్కితే టికెట్ తీసుకోవాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైన ఉచిత ప్రయాణం ఆ రాష్ట్ర ఆర్టీసీ బస్సులకే. ఇదే ఆఫర్ వరంగల్ అమ్మాయికి వచ్చి ఉంటే ఆమె బస్సు పాసు ఖర్చు పోయి, ఆటో రూ.880 మాత్రమే మిగిలేది. అప్పుడు ఆమె అడగాల్సింది రానుపోను ఖర్చు కాదు, చేరే నెల సాయం. ఎవరి లెక్క వారిదే అనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

లెక్క పూర్తి కావాలంటే కంపెనీని రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి. స్టైపెండ్‌లో టీడీఎస్ కోస్తారా అన్నది మొదటిది. కొన్ని కంపెనీలు ఇంటర్న్‌ను కన్సల్టెంట్‌లా చూసి 10 శాతం కోస్తాయి. ఆదాయం పన్ను పరిధిలోకి రాని విద్యార్థి రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, అది చేతికి వచ్చేసరికి ఇంటర్న్‌షిప్ అయిపోయి ఉంటుంది. ఆఫీసు క్యాబు ఇంటర్న్‌లకు కూడా ఉందా, ఉంటే ఏ దారిలో వెళుతుంది అన్నది రెండోది. కూకట్‌పల్లి మీదుగా వెళ్లే క్యాబులో ఒక సీటు ఖాళీగా ఉంటే డబ్బు మాటే రాకుండా పని అయిపోతుంది. ఈ రెండు ప్రశ్నలూ బేరం కావు, సమాచారం. వీటితో మొదలుపెడితే అవతలివాళ్లకు కూడా మాట ఎటు పోతోందో అర్థమవుతుంది.

ఎవరిని, ఎప్పుడు

క్యాంపస్ ద్వారా వచ్చిన ఆఫర్ అయితే మొదటి మాట కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌తోనే. కంపెనీతో ఒప్పందం చేసుకున్నది కాలేజీ. విద్యార్థి నేరుగా హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే, ఆ మెయిల్ తిరిగి ప్లేస్‌మెంట్ ఆఫీసర్ దగ్గరికే వస్తుంది, ఈసారి ఫిర్యాదు రూపంలో. పైగా ఆ ఆఫీసర్‌కు లోపలి సంగతులు తెలుస్తాయి. పోయిన ఏడాది ఇదే కంపెనీ దూరం నుంచి వచ్చినవాళ్లకు ఏమైనా ఇచ్చిందా, హాస్టల్ ఏర్పాటు చేసిందా అన్నది ఆయనో ఆవిడో ఒక్క ఫోనుతో కనుక్కోగలరు. విద్యార్థి సొంతంగా దరఖాస్తు చేసుకుని తెచ్చుకున్న ఆఫర్ అయితే, ఆఫర్ లెటర్ పంపిన వ్యక్తికే రాయాలి. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ ఎంత మంచిగా మాట్లాడినా మొదటి మెయిల్ ఆయనకు పెట్టకూడదు. హెచ్‌ఆర్‌ను దాటి వెళ్లారన్న భావం ఒకసారి వస్తే చిన్న కోరిక కూడా ఆగిపోతుంది.

సమయం ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన తర్వాత, దానికి ఒప్పుకోక ముందు. చాలా లెటర్లకు మూడు నుంచి అయిదు రోజుల గడువు ఉంటుంది. మొదటి రోజు కృతజ్ఞతలు చెప్పి, వివరాలు చూసుకుని ఫలానా రోజుకల్లా జవాబిస్తానని రాయాలి. రెండో రోజు లెక్క, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌తో మాట. ఆ సాయంత్రమో మరునాడు పొద్దుటో మెయిల్. గడువు రాత్రి పదకొండింటికి పెట్టిన మెయిల్‌కు జవాబిచ్చే వ్యవధే ఉండదు. ఇంటర్వ్యూలోనే డబ్బు మాట ఎత్తితే ఇంకా ఎంపిక కాని మనిషి షరతులు పెడుతున్నట్టు ఉంటుంది. చేరిన తర్వాత అడిగితే, ఒప్పుకుని వచ్చి ఇప్పుడు అడగడమేమిటన్న ప్రశ్న వస్తుంది, అది న్యాయమైన ప్రశ్న కూడా.

మన ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది. నాన్నో మేనమామో ఫోన్ తీసుకుని "మా అమ్మాయి సంగతి కాస్త చూడండి" అని హెచ్‌ఆర్‌తో మాట్లాడటం, లేదా ఆ కంపెనీలో తెలిసినవాళ్ల చేత చెప్పించడం. ప్రేమతోనే చేస్తారు. కానీ దానివల్ల తన ఖర్చు గురించి తాను రెండు ముక్కలు మాట్లాడలేని మనిషి, రేపు పనిలో ఇబ్బంది వస్తే ఎలా చెబుతుందన్న సందేహం కంపెనీలో మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు లెక్క వేయడంలో సాయం చేయాలి, మెయిల్ చదివి తప్పులు దిద్దాలి. మాట మాత్రం విద్యార్థిదే కావాలి.

మెయిల్‌లో ఏముండాలి

ఈ ఉత్తరం సాధారణంగా ఇంగ్లిషులోనే వెళుతుంది. భాష ఏదైనా లోపలి క్రమం ఒకటే. ఆ కాకినాడ విద్యార్థిని రాయదగిన మెయిల్ తెలుగులో చెబితే ఇలా ఉంటుంది.

"నమస్కారం మేడమ్. ఇంటర్న్‌షిప్‌కు ఎంపిక చేసినందుకు ధన్యవాదాలు. ఇంటర్వ్యూలో చెప్పిన టెస్టింగ్ పని నాకు ఆసక్తి ఉన్న విషయం, చేరాలని అనుకుంటున్నాను. ఒప్పుకునే ముందు ఒక్క విషయంలో మీ సాయం కోరుతున్నాను. నేను కాకినాడ నుంచి వచ్చి హాస్టల్లో ఉండాలి. స్టైపెండ్ రూ.12,000లో హాస్టల్, భోజనం వరకు సర్దుకోగలను. కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకు బస్సు పాసు, షేర్ ఆటో కలిపి నెలకు సుమారు రూ.2,480 అవుతుంది. ఇంటర్న్‌లకు రవాణా భత్యంగా నెలకు రూ.2,500 ఇచ్చే వీలుందా? అది కుదరకపోతే ఆఫీసు క్యాబులో సీటు గానీ, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని చేసే అవకాశం గానీ ఇచ్చినా నాకు సరిపోతుంది. గురువారంలోగా మీ అభిప్రాయం చెబితే శుక్రవారం గడువులోపు సంతకం చేసి పంపుతాను."

ఈ కొద్ది వాక్యాల్లో ప్రతిదానికీ ఒక పని ఉంది. చేరాలని ఉందన్న మాట ముందే రావడంతో, ఇది వెళ్లిపోవడానికి వెతుక్కున్న సాకు కాదని తెలుస్తుంది. స్టైపెండ్ తక్కువని ఎక్కడా అనలేదు, సర్దుకోగలను అంది. తక్కువన్న మాట వినగానే దాన్ని నిర్ణయించిన మనిషి సమర్థించుకోవడం మొదలుపెడతారు, అసలు కోరిక పక్కకు పోతుంది. కోరిక ఒక్కటే, దానికి అంకె ఉంది, అంకెకు కారణం ఉంది. హెచ్‌ఆర్ ఈ మెయిల్‌ను ఒక్క ముక్క మార్చకుండా పైఅధికారికి పంపి "చూడండి" అనొచ్చు. మంజూరు చేసేది ఎక్కువసార్లు ఆ పైఅధికారే కాబట్టి, ఆ మనిషి చదివినా అర్థమయ్యేలా రాయడం చాలా ముఖ్యం. చివర ఇచ్చిన రెండు ప్రత్యామ్నాయాలు హెచ్‌ఆర్‌కు 'లేదు' తప్ప ఇంకేదైనా చెప్పే చోటు ఇస్తాయి.

రాయకూడనివి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 'నా స్నేహితుడికి వేరే కంపెనీలో పాతిక వేలు ఇస్తున్నారు' అన్నది వాదనగా నిలవదు, ఆ స్నేహితుడి పనీ కంపెనీ వేరు. తన చేతిలోనే ఇంకో ఆఫర్ లెటర్ ఉంటే దాన్ని ప్రస్తావించవచ్చు, అదీ నిజంగా ఉంటేనే, బెదిరింపులా కాకుండా. ఇంటి కష్టాలు పేరాలకు పేరాలు రాస్తే చదివేవారికి జాలి కలుగుతుంది. కానీ ఏ లెక్కలో ఎంత మంజూరు చేయాలో ఆ జాలి చెప్పదు. అంకెను పెంచి రాయడం మరీ ప్రమాదం. హాస్టల్ అద్దెలు, బస్సు పాసు ధరలు హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు కంఠతా వచ్చు.

ఎంత అడగవచ్చన్న దానికి ఒక హద్దు కనిపిస్తుంది. ఉదాహరణలో కోరిక స్టైపెండ్‌లో దాదాపు అయిదో వంతు. పన్నెండు వేల ఆఫర్‌ను ఇరవై వేలు చేయమంటే అది సర్దుబాటు కాదు, వేరే ఆఫర్ అడగడం. ఆ అంకె లేకపోతే బతకడం సాధ్యం కాదనుకుంటే వెతకాల్సింది వేరే ఇంటర్న్‌షిప్.

ఫోన్ వస్తే

మెయిల్‌కు జవాబు ఫోన్‌లో రావడం మామూలే. హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు రాతలో ఇవ్వలేని వివరాలు నోటితో చెబుతారు. సంభాషణ దాదాపు ఇలా నడుస్తుంది.

"మీ మెయిల్ చూశానండీ. స్టైపెండ్ బ్యాచ్ అంతటికీ ఒకటే, అది మారదు."

"అర్థమైంది మేడమ్. స్టైపెండ్ మార్చమని కాదు, రవాణా ఖర్చు గురించే అడిగాను."

"ఇంటర్న్‌లకు కన్వేయన్స్ పాలసీలో లేదు. టీమ్ ఖర్చుల్లోంచి మేనేజర్ ఇస్తే ఇవ్వొచ్చు. పదిహేను వందల దాకా అవుతుందేమో కనుక్కుంటాను."

"థాంక్స్ మేడమ్. అది బిల్లుల మీద ఇస్తారా, నెలనెలా స్టైపెండ్‌తో కలిపి వేస్తారా?"

"ఎందుకని?"

"బస్సు పాసుకు రసీదు ఉంటుంది గానీ షేర్ ఆటోకు బిల్లు ఉండదు మేడమ్. అందుకని అడిగాను."

ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. బిల్లు పెడితేనే డబ్బన్న పద్ధతిలో, బిల్లు లేని షేర్ ఆటో ఖర్చు ఎప్పటికీ రాదు. ఆ సంగతి మొదటి నెల క్లెయిము వెనక్కి వచ్చాక తెలుస్తుంది. నెలకు ఇంత అని స్థిరంగా ఇచ్చే పద్ధతి అయితే ఆ గొడవ లేదు. ఇవ్వడానికి సిద్ధపడ్డ అంకె కన్నా అది ఏ పద్ధతిలో వస్తుందన్నది కొన్నిసార్లు ఎక్కువ తేడా తెస్తుంది.

ఫోన్‌లో ఏది వచ్చినా అక్కడికక్కడే ఒప్పుకోవాల్సిన పని లేదు, కాదనాల్సిన పనీ లేదు. "కనుక్కుంటానన్నందుకు థాంక్స్ మేడమ్, మెయిల్ రాగానే జవాబిస్తాను" అంటే సరిపోతుంది. ఒకసారి మెయిల్, ఒకసారి ఫోన్, అవసరమైతే చిన్న గుర్తుచేత. అంతకు మించి అదే విషయం తిప్పి తిప్పి అడిగితే మర్యాద మిగలదు. అర్ధరాత్రి వాట్సాప్ మెసేజ్‌లు అసలు వద్దు.

ఉదాహరణలో కంపెనీ చివరికి ఇలా తేల్చిందనుకుందాం. స్టైపెండ్ అంతే. రవాణాకు నెలకు రూ.1,500, రెండో నెల నుంచి, బిల్లులు లేకుండా స్టైపెండ్‌తో కలిపి. మొదటి నెల శిక్షణ కాబట్టి రోజూ ఆఫీసుకు రావాలి, ఆ తర్వాత వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని. అడిగిన రూ.2,500 రాలేదని నిరాశపడే ముందు రెండు రోజుల సంగతి లెక్క వేయాలి. నెలకు ఆఫీసు రోజులు ఇరవై రెండు నుంచి పదమూడుకు తగ్గుతాయి. అప్పుడు నెల పాసు కన్నా ఏ రోజుకారోజు టికెట్ తీసుకోవడం చౌక. రోజుకు బస్సుకు రూ.70, ఆటోకు రూ.40 అనుకుంటే పదమూడు రోజులకు రూ.1,430. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో హాస్టల్లోనే మధ్యాహ్న భోజనం దొరికితే, బయట తినే ఖర్చు రూ.910కి దిగుతుంది. నెల ఖర్చు మొత్తం రూ.12,370 నుంచి రూ.10,690కి వస్తుంది. అంటే ఆ రెండు రోజుల విలువ నెలకు రూ.1,680, చేతికిచ్చే భత్యం కన్నా ఎక్కువ. కంపెనీకి మాత్రం దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఆరు నెలలకు కలిపితే వచ్చేది రూ.79,500, అయ్యేది రూ.71,820. రూ.8,220 లోటు ఉన్నచోట రూ.7,680 మిగులుతుంది, పండక్కి ఊరికి వచ్చి వెళ్లడానికి సరిపోతుంది. మొదటి నెల భారం మాత్రం తగ్గలేదు. రూ.18,370 ఇంటి నుంచి సిద్ధం చేసుకునే రావాలి. ఆ డబ్బే దొరకని ఇల్లయితే కోరిక కూడా మారాలి. నెలనెలా భత్యం కాకుండా చేరేటప్పుడు ఒకసారి రూ.6,000, లేదా మొదటి నెల స్టైపెండ్‌లో సగం ముందుగా ఇవ్వమని అడగడం అలాంటివారికి ఎక్కువ ఉపయోగం. అలాగే ఇంటి నుంచి పని అన్నది అందరికీ మంచిది కాదన్నది గుర్తుంచుకోవాలి. ముగ్గురుండే గదిలో నెట్ సరిగా లేకపోతే, పక్కన కూర్చుని నేర్పే సీనియర్ అవసరమైన పని అయితే, మిగిలే రూ.1,680 కన్నా పోయే నేర్పు ఎక్కువ.

రాతలోకి రావాలి

నోటిమాటగా ఒప్పుకున్నది సవరించిన ఆఫర్ లెటర్‌లోకి గానీ, కనీసం హెచ్‌ఆర్ మెయిల్‌లోకి గానీ రావాలి. అవతలి నుంచి రాకపోతే విద్యార్థే రాయొచ్చు: "ఫోన్‌లో అనుకున్నట్టు, రెండో నెల నుంచి రవాణాకు నెలకు రూ.1,500 స్టైపెండ్‌తో కలిపి, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని. ఇది సరిగానే అర్థం చేసుకున్నానా మేడమ్?" దానికి 'అవును' అని వచ్చిన ఒక్క ముక్క చాలు. మూడు నెలల తర్వాత ఆ హెచ్‌ఆర్ ఉద్యోగం మారిపోవచ్చు, మేనేజర్ వేరే టీమ్‌కు పోవచ్చు. కొత్తగా వచ్చినవారికి చూపించడానికి ఆ మెయిల్ తప్ప ఇంకేమీ ఉండదు. మేనేజర్ ఇస్తానన్నది అయితే ఆయననూ ఆ మెయిల్‌లో కలపమని హెచ్‌ఆర్‌ను కోరడం తప్పు కాదు.

ఏమీ కుదరదన్న జవాబు వస్తే, దాన్ని కూడా మర్యాదగానే తీసుకోవాలి. అప్పుడు తేల్చుకోవాల్సింది ఆరు నెలల లోటు రూ.8,220 ఇంట్లో భరించగలరా, ఆ పనికి అంత విలువ ఉందా అన్నదే. ఇంటర్న్‌షిప్ ముగిశాక ఉద్యోగంలోకి తీసుకునే అవకాశం ఉందా, పోయిన బ్యాచ్‌లో ఎంతమందిని తీసుకున్నారు అన్న ప్రశ్న ఈ దశలో అడగదగినది. దానికి తడుముకోకుండా జవాబు వస్తే ఒక అర్థం, దాటవేస్తే ఇంకో అర్థం. వద్దనుకుంటే గడువు లోపలే, కారణం ఒక్క వాక్యంలో చెప్పి, ధన్యవాదాలతో ముగించాలి. ఒప్పుకుని చివరి రోజున మానేస్తే ఆ సీటు ఖాళీగా పోతుంది. క్యాంపస్ ఆఫర్ అయితే వచ్చే ఏడాది జూనియర్లకు ఆ కంపెనీ తలుపు మూసుకుపోవచ్చు కూడా.

చేరాలనే నిర్ణయించుకుంటే డబ్బు సంగతి మళ్లీ ఎత్తడానికి తగిన సందర్భం ఒకటి ముందుంది. పని నచ్చితే కంపెనీలు ఇంటర్న్‌షిప్‌ను ఇంకో మూడు నెలలు పొడిగించమని అడుగుతుంటాయి. అప్పుడు అడుగుతున్నది కంపెనీ. అప్పటికి ఆ విద్యార్థి చేసిన పని మేనేజర్‌కు తెలుసు, కొత్తవారికి మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సిన శ్రమా తెలుసు. బ్యాచ్ అందరికీ ఒకటే అన్న అడ్డు కూడా అప్పుడు ఉండదు, ఎందుకంటే పొడిగింపు అందరికీ రాదు. "సంతోషంగా కొనసాగుతాను సర్. పొడిగించే మూడు నెలలకు స్టైపెండ్ కొంచెం చూడగలరా?" అని అప్పుడు నేరుగా స్టైపెండ్ గురించే అడగవచ్చు.